బీజీఎంఐ తప్ప ఇంకేదీ ఆడని పిల్లాడికి వేరే రకం గేమ్ అలవాటు చేయడం ఎలా?

"మావాడు బీజీఎంఐ తప్ప ఇంకో గేమ్ ముట్టుకోడు. వేరేది ఏదైనా చెప్పండి." మా అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో, పెళ్లిళ్లలో ఈ మాట చాలామంది అడుగుతున్నారు. బీజీఎంఐ అంటే మ్యాప్ మీద ఒకచోట దిగి, తుపాకులు ఏరుకుని, చివరిదాకా బతికి ఉండాల్సిన ఫోన్ గేమ్. ఒక పేరు చెబితే ఇన్‌స్టాల్ చేస్తారు. రెండో రోజు ఫోన్ చేసి "తీసేశాడండీ" అంటారు. పేరు ఒక్కటే చెబితే పని జరగదు. అందుకే ఏ వరసలో చేయాలో మొత్తం ఇక్కడ రాస్తున్నాను. మా అక్క కొడుకుతో నేను చేసిందే ఉదాహరణ. వాడికి పదిహేనేళ్లు, మల్కాజ్‌గిరిలో ఉంటాడు, టెన్త్ చదువుతున్నాడు. ఇంట్లో వాణ్ని చిన్నా అని పిలుస్తాం.

ముందే ఒక మాట. ఇది గేమ్ మాన్పించే పద్ధతి కాదు, ఒక్క గేమ్‌కే అతుక్కుపోయిన పిల్లాడికి ఇంకో రకం రుచి చూపించే పద్ధతి. నిద్ర, తిండి, బడి అన్నీ గేమ్ కింద నలిగిపోతుంటే ఇది సరిపోదు. అప్పుడు 14416 నంబరుకు, అంటే ప్రభుత్వ టెలి మానస్‌కు ఫోన్ చేసి మాట్లాడండి.

## 1. మూడు మ్యాచ్‌లు పక్కన కూర్చుని చూడండి

కొత్త గేమ్ వెతికే ముందు, పాత గేమ్‌లో వాడికి ఏది నచ్చుతోందో తెలియాలి. "నీకు ఇందులో ఏం నచ్చుతుంది?" అని అడిగితే "బాగుంటుంది" అంటాడు. అంతకుమించి వాడికీ చెప్పడం రాదు. చూస్తేనే తెలుస్తుంది.

ఆదివారం పొద్దున ఒక గంటన్నర పెట్టుకోండి. ఎరాంగెల్ మ్యాప్‌లో చివరిదాకా నిలిస్తే ఒక మ్యాచ్ అరగంట దాకా పడుతుంది. మధ్యలో సలహాలివ్వకండి, టైమ్ గురించి మాట్లాడకండి. ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

- ఎక్కడ దిగుతున్నాడు? జనం ఎక్కువగా దిగే పోచింకి లాంటి చోటా, మూలన ఉన్న ఖాళీ ఇళ్లా?
- లూట్, అంటే ఇళ్లలో దొరికే సామాను, ఏరుకోవడానికి ఎంతసేపు తీసుకుంటున్నాడు?
- మైక్‌లో ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారు? వాడా, స్నేహితులా?
- చచ్చిపోగానే ఏం చేస్తున్నాడు? స్నేహితుల ఆట చూస్తున్నాడా, వెంటనే లాబీకి వచ్చేస్తున్నాడా?
- మ్యాచ్ అయ్యాక మొదట ఏ అంకె చూస్తున్నాడు? కిల్సా, ర్యాంకా?
- ఎప్పుడు ముందుకు వంగి కూర్చుంటున్నాడు?

చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. మా చిన్నా మూలన దిగేవాడు. పది నిమిషాలు ఇల్లిల్లూ తిరిగి బ్యాగ్ సర్దుకునేవాడు. ఎదురుగా ఎవరైనా కనిపిస్తే కాల్చకుండా పక్కకు తప్పుకునేవాడు. జోన్, అంటే ప్రాణానికి భద్రమైన చోటు, మారిందని మ్యాప్ మీద తెల్ల గీత పడగానే మాత్రం నడుం నిటారుగా పెట్టి, "వంతెన మీద నుంచి వద్దురా, పడవ తీస్కో" అని స్నేహితులకు దారి చెప్పేవాడు. రెండు మ్యాచ్‌లలో వాడికి కిల్స్ సున్నా. అయినా చివరి పదిమందిలో ఉన్నానని సంబరపడ్డాడు.

అంటే వాడు ఆడుతున్నది తుపాకుల ఆట కాదు. ఉన్నదాంతో ఎలా నెగ్గుకురావాలా అన్న ఆట.

## 2. వాడి ఆనందం ఏ రకందో తేల్చుకోండి

బీజీఎంఐ ఒకే గేమ్‌లా కనిపిస్తుంది గానీ, అందులో నాలుగు వేర్వేరు ఆనందాలు కలిసి ఉన్నాయి. పిల్లాడికి నాలుగూ కొంచెం కొంచెం నచ్చుతాయి, ఒకటి మాత్రం బాగా ఎక్కువగా నచ్చుతుంది. మీరు రాసుకున్న కాగితం అదేమిటో చెబుతుంది.

ఏరుకుని నెగ్గుకురావడం. తలుపు తీస్తే ఏం దొరుకుతుందో తెలియదు. దొరికినదాంతో ప్లాన్ వేయాలి. చస్తే అంతా పోతుంది.

జట్టు కబుర్లు. ఆట ఓ సాకు. స్నేహితులతో మైక్‌లో మాట్లాడటమే అసలు సంగతి. ఇలాంటివాడు ఒంటరిగా ఉన్నప్పుడు గేమ్ తెరవడు. దీనికి అదే గుర్తు.

ర్యాంక్. ప్లాటినం నుంచి డైమండ్, అక్కడి నుంచి క్రౌన్, ఏస్. మ్యాచ్ అవగానే చూపు అక్కడికే పోతుంది.

గురి, వేలి వేగం. ట్రైనింగ్ గ్రౌండ్‌లో గంటల తరబడి ఉంటాడు. సెన్సిటివిటీ సెట్టింగులు మారుస్తూనే ఉంటాడు.

అమ్మాయిలైనా ఇదే లెక్క. రెండు రకాలు సమానంగా ఉన్నాయనిపిస్తే నాలుగో మ్యాచ్ కూడా చూడండి. తొందరపడి ఊహించుకుంటే మొత్తం పని పక్కదారి పడుతుంది. నాకు జరిగింది అదే.

## 3. పైకి ఒకేలా కనిపించే గేమ్ ఇవ్వకండి

చూడకముందు నేను చేసిన తప్పు చెబుతాను. "తుపాకుల ఆట నచ్చుతుంది కదా" అనుకుని కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ పెట్టించాను. రెండో రోజే తీసేశాడు.

ఎందుకో తర్వాత అర్థమైంది. అందులో పిల్లలు ముందుగా ఆడేది టీమ్ డెత్‌మ్యాచ్. చచ్చిన కొన్ని సెకన్లకే మళ్లీ బతుకుతారు. తుపాకీ ముందే చేతిలో ఉంటుంది. ఏరుకునేది లేదు, పోతుందన్న భయం లేదు. చిన్నాకి నచ్చే రెండూ అందులో లేవు, వాడు పట్టించుకోని కాల్పులు మాత్రం నిండుగా ఉన్నాయి.

పైరూపం వేరైనా పర్వాలేదు, లోపలి ఆనందం ఒకటే ఉండాలి. మిగతావన్నీ వీలైనంత వరకు మారకూడదు. అదే ఫోన్, దాదాపు అంతే సమయం, కథ చదవాల్సిన పని లేకుండా నేరుగా ఆట. మొదటి పావుగంటలోనే ఏదో ఒకటి దొరకాలి, లేదా ఏదో ఒకటి గెలవాలి. అరగంట నేర్చుకుంటే గానీ మజా రాని గేమ్ ఎంత గొప్పదైనా మొదటిదిగా పనికిరాదు.

ఏరుకుని నెగ్గుకొచ్చే రకం పిల్లలకు సరిపోయే జాతి పేరు రోగ్‌లైక్. ప్రతిసారీ మ్యాప్ కొత్తగా తయారవుతుంది, దొరికే సామాను మారుతుంది, చస్తే మొదటికే వస్తారు. నేను ఎంచుకున్నది షాటర్డ్ పిక్సెల్ డంజన్, ఒక నేలమాళిగలో ఒక్కో అంతస్తూ దిగుతూ పోయే ఆట. ప్లే స్టోర్‌లో `Shattered Pixel Dungeon` అని వెతకండి. ఆండ్రాయిడ్‌లో ఉచితం, యాడ్స్ లేవు, నెట్ లేకుండా ఆడొచ్చు. పాత ఫోన్ మీదా నడుస్తుంది. ఐఫోన్‌లో అయితే డబ్బు పెట్టి కొనాలి.

బొమ్మలు మాత్రం చాలా పాతకాలంగా, చుక్కలు చుక్కలుగా ఉంటాయి. బీజీఎంఐ గ్రాఫిక్స్ అలవాటైన కంటికి మొదట నచ్చవు. ఆ అడ్డంకి దాటించే పని మీదే.

## 4. ముందు మీరు మూడుసార్లు చావండి

కొత్త గేమ్‌ను పిల్లాడికి ఇచ్చి పక్కకు వెళ్లిపోతే అది నిలబడదు. ముందు మీరే మూడు రోజులు, రోజుకు అరగంట ఆడండి. గెలవాల్సిన పని లేదు. ఎక్కడ బోర్ కొడుతుంది, ఎక్కడ గుండె దడదడలాడుతుంది అన్నవి తెలిస్తే చాలు.

ఈ గేమ్‌లో నాకు తెలిసినవి ఇవి. మీరు కదిలితేనే శత్రువు కదులుతాడు, కాబట్టి వేలి వేగంతో పనిలేదు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. దొరికే సీసాలు, మంత్రాల కాగితపు చుట్టలు ఏమిటో ముందు తెలియదు. తాగితేనో, చదివితేనో తెలుస్తుంది. ఎర్ర సీసా ఒక ఆటలో ప్రాణం పోస్తే ఇంకో ఆటలో మంట పుట్టించవచ్చు. ఐదో అంతస్తులో గూ అనే పెద్ద రాక్షసుడు ఉంటాడు.

ఇంకొకటి గమనించాను. ఇందులో ఆకలి ఉంది. ఒకే అంతస్తులో తిరుగుతూ కూర్చుంటే తిండి అయిపోయి ప్రాణం తగ్గుతుంది. బీజీఎంఐలో భద్రమైన చోటు బయట ఉన్నవాళ్ల ప్రాణం తగ్గించే బ్లూ జోన్ ఏ పని చేస్తుందో ఇక్కడ ఆకలి అదే చేస్తుంది, ముందుకు నడవక తప్పదు. చిన్నాకి చెప్పడానికి నాకు దొరికిన మంచి మాట ఇదే.

## 5. మొదటిసారి కూర్చోవడం: నలభై నిమిషాలు

ఎప్పుడు: వాడు మ్యాచ్ ఓడి చిరాకుగా ఉన్నప్పుడు వద్దు, స్నేహితులు ఆన్‌లైన్‌లో ఎదురుచూస్తున్నప్పుడు వద్దు. బీజీఎంఐ సీజన్ ముగిసే వారం అస్సలు వద్దు, అప్పుడు ధ్యాసంతా ర్యాంక్ మీదే ఉంటుంది. నెట్ లేని ప్రయాణం మంచి అవకాశం. నేను మల్కాజ్‌గిరి నుంచి వరంగల్ వెళ్లే రైల్లో మొదలుపెట్టాను. దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, బీజీఎంఐ ఆడటం కుదరదు.

ఎలా: "ఇది ఆడు" అనకండి. మీరు ఆడుతూ ఇరుక్కోండి. నేను నాలుగో అంతస్తులో ప్రాణం సగం అయిపోయి ఆగిపోయాను. "చిన్నా, రెండు సీసాలున్నాయి, ఏమిటో తెలియదు. తాగనా, దాచుకోనా?" అని అడిగాను.

"ఈ బొమ్మలేంది మామా ఇట్లున్నయ్?" అన్నాడు మొదట. నేను బదులివ్వలేదు. ఫోన్ ఇద్దరి మధ్యా పెట్టి అలాగే కూర్చున్నాను. అర నిమిషం తర్వాత "రెండు ఒకే రంగువా? రెండున్నవి మంచివే అయ్యుంటయ్. ఒకటి తాగు" అన్నాడు.

తాగాను. ప్రాణం నిండింది. ఫోన్ వాడి చేతిలోకి వెళ్లింది.

ఐదో అంతస్తులో గూ చేతిలో చచ్చాడు. రెండోసారి మొదటి అంతస్తు నుంచి మొదలుపెట్టి, మళ్లీ అక్కడికి చేరేసరికి కాజీపేట వచ్చింది. అప్పుడు వాడే కనిపెట్టాడు: "మామా, వాడు నీళ్లల్ల నిలబడితే ప్రాణం పెరుగుతుంది. పొడి నేల మీదికి గుంజాలి." అది నిజమే. గూ నీళ్లలో ఉంటే కోలుకుంటాడు. ఒళ్లు ఉబ్బించి పెద్ద దెబ్బకు సిద్ధమైనప్పుడు దూరం జరిగితే ఆ దెబ్బ తప్పుతుంది. ఈ రెండూ నాకు ముందే తెలుసు. చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ముఖంలో వెలుగు చూసేవాణ్ని కాదు.

ఎప్పుడు ఆపాలి: నలభై నిమిషాలకు, ఇంకా ఆడాలని ఉన్నప్పుడే. ఆట తనంతట తానే సేవ్ అవుతుంది.

## 6. తర్వాతి రెండు వారాలు

మూడుసార్లు నియమం పెట్టుకోండి. ఒక గేమ్‌ను వేర్వేరు రోజుల్లో మూడుసార్లు, ఒక్కోసారి అరగంట ఆడాక నచ్చకపోతే వదిలేయాలి. ఆ హక్కు పిల్లాడికి ఉందని ముందే చెప్పండి. వదిలేసే స్వేచ్ఛ ఉందని తెలిస్తేనే మనస్ఫూర్తిగా ప్రయత్నిస్తాడు.

బీజీఎంఐ టైమ్ కోసి ఇందులో పెట్టకండి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు ఆ గేమే రోజుకు 3 గంటల హద్దు పెడుతుంది. ఇంట్లో మీరు పెట్టుకున్న హద్దు ఇంకా తక్కువ ఉండొచ్చు. కొత్త గేమ్‌ను ఆ లెక్కలోకి తెస్తే అది వాడికి శత్రువైపోతుంది. బస్సులో, క్యూలో, నెట్ లేనిచోట ఖాళీగా ఉండే సమయాన్ని ముందు వాడండి.

పనిచేస్తోందనడానికి గుర్తులు ఇవి:

- మీరు అడగకుండానే తన చావు కథ చెబుతాడు.
- "ఈసారి అలా కాకుండా ఇలా చేస్తా" అంటాడు.
- చిట్కా కోసం యూట్యూబ్‌లో వెతుకుతాడు.

పనిచేయడం లేదనడానికి ఒక్క గుర్తు చాలు. మీరు పక్కన ఉంటేనే ఆడి, లేచిపోగానే ఆపేస్తున్నాడంటే మీ కోసం ఆడుతున్నాడన్నమాట. అప్పుడు రెండో మెట్టుకు వెనక్కి వెళ్లి కాగితం మళ్లీ చూడండి.

## 7. మిగతా మూడు రకాల పిల్లలకు

జట్టు కబుర్ల పిల్లాడికి ఒంటరి గేమ్ ఏదీ నచ్చదు, కాబట్టి పై గేమ్ ఇచ్చి లాభం లేదు. `Keep Talking and Nobody Explodes` చూడండి. డబ్బు పెట్టి కొనాలి, కానీ ఒక్కరు కొంటే ఇంటిల్లిపాదీ ఆడొచ్చు. ఒకరి ఫోన్‌లో బాంబు కనిపిస్తుంది. మిగతావాళ్లకు బాంబు కనిపించదు, దాన్ని ఎలా ఆపాలో చెప్పే మాన్యువల్ మాత్రం ఉంటుంది. అది `bombmanual.com`లో ఉచితంగా దొరుకుతుంది, ప్రింట్ తీసుకోండి. మొదటి బాంబుకు ఐదు నిమిషాలు. "నాలుగు వైర్లు, ఎర్రది ఒక్కటీ లేదు, చివరిది పసుపు" అని ఒకరు అరిస్తే ఇంకొకరు పేజీ తిప్పి "మొదటిది కత్తిరించు" అనాలి. స్క్వాడ్‌లో వాడు స్నేహితులతో చేసేది సరిగ్గా ఇదే. స్నేహితుల్లో ఇద్దరిని ఇంటికి పిలిచి, మాన్యువల్ వాళ్లకు ఇచ్చి, మీరు పక్కకు జరగండి. మాన్యువల్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, చదవడంలో నెమ్మదిగా ఉండే పిల్లాడికి మొదట బాంబు వైపు కూర్చునే అవకాశం ఇవ్వండి.

ర్యాంక్ పిల్లాడికి చెస్ బాగా పట్టుకుంటుంది. వరంగల్ నుంచి వచ్చిన అర్జున్ ఎరిగైసి ప్రపంచ చెస్ సంస్థ ఫిడే 2024 డిసెంబర్ రేటింగ్ జాబితాలో 2800 దాటాడు. ఆ అంకె ఎంత పెద్దదో ర్యాంక్ కోసం కష్టపడేవాడికి చెప్పక్కర్లేదు. `lichess.org` పూర్తిగా ఉచితం, యాడ్స్ ఉండవు.

అయితే ఇక్కడ ఒక గొయ్యి ఉంది. లిచెస్‌లో కొత్తవాళ్ల రేటింగ్ 1500 దగ్గర మొదలవుతుంది, పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది. మొదట్లో ఒక్కో ఓటమికి పెద్ద పెద్ద అంకెలు తగ్గుతాయి. ర్యాంక్ మీద ప్రాణం పెట్టుకున్న పిల్లాడు పది గేములు ఓడి ఆ పతనం చూస్తే మళ్లీ సైట్ తెరవడు. అందుకే మొదటి వారం రేటింగ్ ఆట వద్దు. కంప్యూటర్‌తో లెవెల్ 1 నుంచి ఒక్కో లెవెల్ ఎక్కించండి, మొత్తం ఎనిమిది ఉన్నాయి. ఆ మెట్లే వాడికి బ్రాంజ్, సిల్వర్ లాగా అనిపిస్తాయి. లెవెల్ 3 గెలిచాక రేటింగ్ ఆటకు పంపండి. 1500 అనేది సైట్ వేసిన అంచనా మాత్రమేనని, అసలు మొదలు ఎక్కడో పది ఆటల తర్వాతే తెలుస్తుందని ముందే చెప్పి పంపండి.

గురి, వేలి వేగం పిల్లాడికి జామెట్రీ డాష్ లైట్ చాలు, ఉచితమే. ఎన్నోసారి ప్రయత్నిస్తున్నాడో, లెవెల్ ఎంత శాతం దాటాడో తెర మీదే చూపిస్తుంది. నా మటుకు నేను వీళ్లకు ముందుగా మంచి కారమ్స్ బోర్డు ఇస్తాను. గురి అదే, కోణం లెక్క అదే, పక్కింటి పిల్లలూ వస్తారు.

## 8. మళ్లీ మళ్లీ జరిగే తప్పులు, వాటి మందు

"ఇది చదువుకు పనికొస్తుంది" అని చెప్పి ఇవ్వడం. ఆ మాట విన్న క్షణమే గేమ్ హోంవర్క్ అయిపోతుంది. చెస్ గురించి కూడా "మెదడుకు మంచిది" అనకండి.

ఒకేసారి ఐదు గేమ్‌లు పెట్టడం. ఒక్కోటి ఐదు నిమిషాలు చూసి అన్నీ తీసేస్తాడు. ఒకటే పెట్టండి, మూడుసార్లు అయ్యాకే ఇంకోటి.

పాత గేమ్‌ను తిట్టడం. వాడు రెండేళ్లు పెట్టి నేర్చుకున్న విద్య అది. దాన్ని తక్కువ చేస్తే మీరు చూపించే గేమ్‌నీ తిప్పికొడతాడు. "జోన్ చూసి దారి చెప్పడం నీకు వచ్చు కదా, అది ఇక్కడ పనికొస్తుంది" అనండి.

బహుమతి పేరుతో వచ్చే డబ్బు గేమ్‌లు. కొత్త గేమ్ వెతుకుతుంటే రమ్మీ లాంటి వాటి ప్రకటనలు కనిపించవచ్చు. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ 2017 నుంచే నిషిద్ధం. 2025లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేమ్‌ల మీద దేశమంతటికీ చట్టం వచ్చింది. పిల్లాడి ఫోన్‌లో ప్లే స్టోర్‌కు బయట నుంచి ఏదీ ఇన్‌స్టాల్ కాకుండా సెట్టింగ్ పెట్టండి.

గేమ్ కోసం ఖరీదైన సామాను కొనడం. రుచి కుదరకముందే కన్సోల్ కొని పెట్టినవాళ్లను చూశాను. మూడు నెలలు ఫోన్‌లోనే ఆడనివ్వండి. తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరున్న సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి పాతవాటి ధర అడగండి.

## 9. మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి

- మూడు మ్యాచ్‌లు మాట్లాడకుండా చూశాను.
- వాడు ముందుకు వంగే క్షణం కాగితం మీద ఉంది.
- నాలుగు రకాల్లో ఒకటి ఎంచుకున్నాను.
- దానికి తగిన ఒక్క గేమ్ నా ఫోన్‌లో ఉంది, మూడు రోజులు ఆడాను.
- స్నేహితులు పిలవని, నెట్ లేని ఒక సమయం దొరికింది.
- మూడుసార్ల తర్వాత వదిలేయొచ్చని వాడికి చెప్తాను.

చిన్నా ఇప్పటికీ రాత్రి ఎనిమిదింటికి స్నేహితులతో బీజీఎంఐ ఆడతాడు. డంజన్ మాత్రం బడికి వెళ్లే బస్సులో. ఐదు అంతస్తులకో పెద్ద రాక్షసుడు ఉంటాడు, మొన్న పదో అంతస్తు వాణ్ని కొట్టాడు. పదకొండులో ఆకలితో చచ్చాడు. ఆ రాత్రి మా అక్క ఫోన్ చేసి, "వీడు అన్నం తింటూ నాకు రొట్టె దాచుకోవడం గురించి ఏదో చెప్తున్నాడు, ఏంట్రా తమ్ముడూ అది?" అని అడిగింది.